కరువులో కొలిచిన పొడుగు

మా డైరెక్టరు డాక్టర్ ఓబుళేసు గారికి ఒక గట్టి నమ్మకం ఉంది. మనిషి పొట్టిగా ఉంటే తప్పు తాతది. ఆ నమ్మకానికి లెక్కలు కూర్చడానికి నన్ను పనిలో పెట్టుకున్నారు. నా పేరు ఆరీఫా. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, మూడేళ్ళు ఖాళీగా కూర్చుని, చివరికి కంబదూరు మండలంలో జనాన్ని గోడకు నిలబెట్టి, నెత్తిన అట్ట పెట్టి ఎత్తు కొలిచే పనిలో చేరాను.

మా అధ్యయనానికి డబ్బిచ్చేది బెంగుళూరు ట్రస్టు. అదే ట్రస్టు పన్నెండు ఊళ్ళలో నాలుగు వందల మంది పిల్లలకు రోజూ ఒక గుడ్డు, గ్లాసుడు పాలు ఇస్తోంది. ఈమధ్య వాళ్ళకో సందేహం వచ్చింది. ఇక్కడి పిల్లలు గిడసబారడం రక్తంలోనే ఉంటే గుడ్లెందుకు? మేము వంశం అని తేలిస్తే గుడ్డు ఆగిపోతుంది. ట్రస్టుకు ఆపాలనే ఉందని ఓబుళేసు గారు ఎప్పుడో పసిగట్టారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని అప్పుడే నిర్ణయం అయిపోయింది.

మొదట దత్తపిల్లల పని పెట్టుకున్నాం. పెంపుడుబిడ్డ కన్నవాళ్ళ పోలికలో పెరిగితే వంశం, పెంచినవాళ్ళ పోలికలో పెరిగితే పరిసరం. వినడానికి బాగానే ఉంది. ముప్ఫై ఎనిమిది మందిని కొలిస్తే వాళ్ళు కన్నవాళ్ళనీ పోలారు, పెంచినవాళ్ళనీ పోలారు. డైరెక్టరు గారు వారం రోజులు తల పట్టుకున్నారు. నాకు చిరాకేసి, బిడ్డను దత్తతకిచ్చిన తిరుపాలమ్మ ఇంటికి పోయి, పెంచుకున్నది ఎవరని అడిగాను. ఆమె అక్కేనట. అక్క మొగుడు ఎవరంటే ఇద్దరికీ మేనమామేనట. ఇంకేముంది, రెండిళ్ళలోనూ అదే రక్తం. బయటివాళ్ళకు ఎవరూ ఇవ్వలేదా అన్నాను. “బిడ్డను బయటోళ్ళకు యెవురిస్తారమ్మా, మేమేమన్నా మేకపిల్లల్ని అమ్ముకుంటాండామా?” అని కసిరింది. మా ఫారంలో మాత్రం ‘పెంచినవారితో రక్తసంబంధం లేదు’ అని ముందే అచ్చేసి ఉంది. ఢిల్లీలో ఎవరో తయారుచేసిన ఫారం అది.

ఆ కాగితాలు అటకెక్కాయి. కవలల మీద పడ్డాం. ఒకే అండం చీలి పుట్టిన కవలలకు వంశం పూర్తిగా ఒకటే. రెండు అండాల కవలలకు మామూలు అక్కచెల్లెళ్ళకు మాదిరి సగటున సగమే కలుస్తుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరుగుతారు కాబట్టి, మొదటి రకం వాళ్ళు రెండో రకం కన్నా ఎంత ఎక్కువ కలిస్తే అంత వంశం పని. ఎవరు ఏ రకమో తల్లులను అడిగి లాభం లేదు. ఒకే రంగు గౌన్లు తొడిగితే చాలు, ఇద్దరూ అచ్చం ఒకటే అని ఒట్టేస్తారు. అందుకని దూదిపుల్లతో బుగ్గ లోపల రాసి డీఎన్ఏ పరీక్షకు పంపాం.

లెక్క తేలింది. అచ్చంగా కలిస్తే ఒకటి అనుకుంటే, ఒకే అండం కవలలకు పోలిక పాయింట్ తొమ్మిది, రెండు అండాల వాళ్ళకు పాయింట్ అయిదు. తేడాను రెట్టింపు చేస్తే ఎనభై శాతం. ఓబుళేసు గారు ఆఫీసంతా మైసూర్‌పాక్ పంచారు. నాకు ఒళ్ళు మండింది. ఆ ఎనభై ఈ జనంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో వంశం వాటా, అంతే. ఒక్కో మనిషి పొడుగులో వాటా కాదు. మేము కొలిచిన ఇళ్ళలో అందరూ తిన్నది ఒకటే సంగటి, చూసినది ఒకటే ఎండు మబ్బు. పరిసరంలో తేడా లేనప్పుడు మిగిలే తేడా వంశానిదే అవుతుంది. అందరికీ ఒకే కరువు పెట్టి, తేడాకు కారణం కరువు కాదు అంటే ఎట్లా సార్ అని అడిగాను. ఆయన నా చేతిలో ఇంకో మైసూర్‌పాక్ పెట్టారు.

అప్పుడే ఆయనకు ఆఖరి ముచ్చట పుట్టింది. విడివిడిగా పెరిగిన కవలలు కావాలి. రెండు జిల్లాలు గాలిస్తే, పందొమ్మిదేళ్ళు దాటి, ఒకే అండం వాళ్ళని డీఎన్ఏ పరీక్షలో తేలినవి ఆరు జతలు దొరికాయి. పాలు చాలక ఒక బిడ్డను ఉంచుకుని, ఇంకో బిడ్డను పిల్లల్లేని, కాస్త కలిగిన చుట్టాలకు ఇచ్చిన ఇళ్ళు. ఆరూ ఆడపిల్లల జతలే. మగపిల్లోణ్ణి ఇచ్చినవాడు మాకు ఒక్కడూ దొరకలేదు. ఆరు జతలతో ఏ సత్యమూ తేలదని ఆయనకూ తెలుసు. అయినా ట్రస్టు సారు వచ్చే రోజున అందరినీ కంబదూరుకు పిలిపించారు.

సభలో ఓబుళేసు గారు ఈ ఆరు జతల పోలిక కూడా పాయింట్ తొమ్మిది అని తెర మీద వేసి, దూరంగా పెరిగినా ఇంత పోలిక ఉందంటే గుడ్లకు పనేముంది అన్నారు. నా ఉద్యోగం పోతే పోనీ అనుకుని లేచాను. కన్నవాళ్ళ ఇళ్ళలో ఉండిపోయిన ఆరుగురినీ పొట్టి నుంచి పొడుగుకు ఒక వరుసలో నిలబెట్టాను. చుట్టాలింట పెరిగిన ఆరుగురినీ అట్లాగే వాళ్ళ వెనకాల నిలబెట్టాను. మూడో, నాలుగో పిల్లలు మాత్రం తారుమారయ్యారు, మిగతావాళ్ళందరి వెనకా వాళ్ళ వాళ్ళ జతే వచ్చింది. డైరెక్టరు గారు మురిసిపోయి, చూశారా వరుస ఎంత చక్కగా కలిసిందో అన్నారు.

నిజమే, కలిసింది. కానీ ముందు వరుస తలల మీదుగా వెనక వరుస నుదుళ్ళన్నీ కనబడుతున్నాయి. వెనక ఉన్న ప్రతి పిల్లా తన జత కన్నా నాలుగు వేళ్ళు ఎత్తు.

ట్రస్టు సారుకు స్టాటిస్టిక్స్ రాదు, కళ్ళున్నాయి. ముందు వరుస ఎందుకు పొట్టిగా ఉందని అడిగారు. అది సగటు, వేరే విషయం సార్ అన్నారు ఓబుళేసు గారు.

“గుడ్డు పనిచేసేది ఆ వేరే విషయం మీదే సార్” అన్నాను. “వరుసలో ఎవరు ముందో ఎవరు వెనకో వంశం చెప్తుంది. వరుస మొత్తం ఎంత లేస్తుందో కూడు చెప్తుంది.”

ఆరు జతలతో రుజువు కాదని నేనే చెప్పాను. కానీ గుడ్లు ఆపడానికి చూపిన రుజువు కూడా రుజువు కాదని చెప్పాను. సారు చాలాసేపు ఆ రెండు వరుసలనూ చూసి, గుడ్లు ఇంకో మూడేళ్ళు నడవనీ అన్నారు. ఓబుళేసు గారు వెంటనే మైకు అందుకుని, తాను మొదటి నుంచీ చెప్తున్నది అదేనని ప్రకటించారు. నాకు కోపం కూడా రాలేదు. గుడ్డు నిలిచింది, నవ్వుకున్నాను.

ఆ నవ్వు ఎంతోసేపు లేదు. వరుసలు చెదిరినా, ఒక జతను కన్న చౌడమ్మ అక్కడే నిలబడి ఉంది. ఆమె కూలికి పోయి పెంచిన జ్యోతి ఒక పక్క, మూడో నెలలో చిలమత్తూరు చెల్లెలికిచ్చిన ఓబమ్మ ఇంకో పక్క. చెల్లెలింట్లో నాలుగు పాడావులు. ఇచ్చేసిన బిడ్డను తలుచుకుని చౌడమ్మ పందొమ్మిదేళ్ళు ఏడ్చిందని ఊళ్ళో అందరికీ తెలుసు. ఇప్పుడు ఆమె చూస్తున్నది ఓబమ్మను కాదు, ఓబమ్మ కనుబొమల దగ్గర ఆగిపోయిన జ్యోతిని.

జ్యోతి మెల్లగా అడిగింది. “అమ్మా, ఆ పొద్దు మా ఇద్దర్లో దీన్నే ఎందుకిస్తివి?”

చౌడమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

“నువ్వు చానా ఏడుస్తాంటివి తల్లీ. నీ ఏడుపు ఇంగొకరు ఓర్చుకోరని, నిన్ను నా కాడే పెట్టుకుంటి.”