‘ప్రస్తుతానికి’ అన్న మాట

కొనుగోళ్ల విభాగం మేనేజరుకి ఆ ఆసుపత్రిలో కత్తెర అని పేరు. సరుకు కొనమని ఏ కంపెనీ వాళ్లు రాసినా ఆయన జవాబు ఒకటే. “వద్దు. విసిగించకండి.” అంతే, కింద సంతకం కూడా ఉండదు. ఓసారి ఒక పెద్ద సంస్థ డైరెక్టరుకే అలా రాసి యాజమాన్యం చేత చీవాట్లు తిన్నాడు. అప్పట్నుంచి ఆయన జవాబుల్ని మర్యాదగా తిరగరాసి పంపే పని అసిస్టెంటు మీద పడింది. ఆవిడని అందరూ పంచదార అనేవాళ్లు.

పేరుకు తగ్గట్టే రాసేది మహాతల్లి. “మీరు కుశలమని తలుస్తాం. మీ ప్రతిపాదనకు ధన్యవాదాలు. ప్రస్తుతానికి మాకు అవసరం లేదు. మీ వివరాలు భద్రపరుచుకుంటాం.” భద్రపరచడానికి ఆ గదిలో ఒక్క ఫైలైనా ఉంటే ఒట్టు! కానీ ఎవరి మనసూ నొప్పించలేదన్న తృప్తితో రోజూ హాయిగా ఇంటికి వెళ్లేది.

ఆపరేషన్ థియేటర్లకి గాలి ఫిల్టర్లు అమ్మే ఒక వ్యాపారి మాత్రం వదల్లేదు. రెండేళ్లుగా ప్రతి సోమవారం ఉదయం సరిగ్గా తొమ్మిదింటికి ఆయన మెయిలు దిగేది. “నమస్కారం మేడమ్, మా ఫిల్టర్ల సంగతి ఆలోచించారా?” ఆవిడ నెలకోసారి అదే జవాబు పంపేది. “జిడ్డులా పట్టుకున్నాడు మనిషి” అని పక్క సీటావిడతో నవ్వేది కూడా.

ఒక బుధవారం అదే చిరునామా నుంచి వేరే ఉత్తరం వచ్చింది.

“అమ్మా, నేను ఆయన భార్యని. ఆయన పోయి ఐదు నెలలైంది. సోమవారం మెయిళ్లు వాటంతటవే వెళ్లేట్టు కంప్యూటర్లో ఆయనే పెట్టారు. ఆపడం నాకు చేతకాలేదు, నిజం చెప్పాలంటే ఆపబుద్ధీ కాలేదు. మీ జవాబులన్నీ ఆయన అచ్చు తీసి దాచుకున్నారు. ‘ప్రస్తుతానికి’ అన్న చోట కింద గీతలు గీశారు. మీ ఆర్డరు వస్తుందని సరుకు ఎవరికీ ఇవ్వలేదు. శుక్రవారంలోగా గోడౌను ఉంచాలో వదలాలో నేను చెప్పాలి. మీరు కొంటారా?”

పంచదార తను పంపిన మెయిళ్లు తెరిచి చూసింది. ఈ ఐదు నెలల్లో ఐదు జవాబులు. చనిపోయిన మనిషిని కుశలమని ఐదుసార్లు తలిచింది. కిందికి జరుపుతూ పోతే ఇంకా వందలున్నాయి. కుర్చీల వాళ్లు, దుప్పట్ల వాళ్లు, గ్లౌజుల వాళ్లు, అందరికీ ప్రస్తుతానికే. వీళ్లలో ఇంకెందరు గీతలు గీసుకుని కూర్చున్నారో! ఆ వ్యాపారి గొంతు ఆవిడ ఎన్నడూ విన్నది కాదు. అయినా ఆ రోజంతా చెవి పక్కనే ఎవరో ఆవిడ రాసిన జవాబునే నెమ్మదిగా, నమ్మకంగా చదువుతున్నట్టు వినిపిస్తూనే ఉంది.

“ఏం రాయను సార్?” అని మేనేజరు దగ్గరికి వెళ్లింది.

ఆయన ఉత్తరం చదివి కళ్లజోడు తీశాడు. “ఫిల్టర్ల కాంట్రాక్టు వేరేవాళ్లతో ఉంది. మార్చే ఉద్దేశం నాకు మొదట్నుంచీ లేదు. నేను వద్దనే చెప్పాను కదమ్మా, అదీ మొదటి రోజే!”

చెప్పాడు. నిజమే. తిరగరాసింది తనే.

వచ్చి కూర్చుని మొదలుపెట్టింది. సానుభూతి రాసింది, క్షమాపణ రాసింది, ఎన్నడైనా అవసరం పడితే అని కూడా రాసింది. పాడు వేళ్లు, ఎంత వద్దన్నా ఆ సందులోకే దూరుతున్నాయి! అన్నీ కొట్టేసింది. గురువారం సాయంత్రానికి నాలుగు వాక్యాలు మిగిలాయి.

“అమ్మా, మీ వారి మరణానికి చాలా బాధపడుతున్నాం. మేము మీ ఫిల్టర్లు కొనడం లేదు, ఇకముందు కూడా కొనం. ఈ మాట ఆయనకే స్పష్టంగా చెప్పాల్సింది, చెప్పకపోవడం నా తప్పు. దయచేసి మా కోసం సరుకు ఆపకండి.”

పంపే మీట నొక్కుతుంటే ఆవిడకి ఒక మనిషి ముఖం మీద తలుపు వేస్తున్నట్టే అనిపించింది.

శుక్రవారం పొద్దున్నే జవాబు వచ్చింది. “అర్థమైందమ్మా. గోడౌను వదిలేస్తున్నాను. వద్దంటే ఆ పూటే మానేసే మనిషి ఆయన. ఇంకో ఆసుపత్రి వాళ్లు రెండుసార్లు అడిగినా, మీకు మాట ఇచ్చానని వాళ్లని తిప్పి పంపేశారు.”

పంచదార అది మూడుసార్లు చదివింది. తర్వాత పంపిన మెయిళ్ల వరసలో దాని కింది పేరు తీసింది. దుప్పట్ల వ్యాపారి. వద్దని సరిగ్గా రాద్దామని రెండు మాటలు టైపు చేసింది గానీ ముందుకు సాగలేదు. ఫోను అందుకుని ఆ కంపెనీకి చేసింది.

“మీ యజమానిగారు... బాగానే ఉన్నారా అండీ?”

“టీ తాగడానికి వెళ్లారండీ” అంది అవతలి అమ్మాయి. “ఐదు నిమిషాల్లో వచ్చేస్తారు, ఎవరు చేశారని చెప్పమంటారు?”

పంచదారకి ఏడుపు ఆగలేదు.