ఊరంతా తిరుగుతున్న ఆల్బమ్

"రీల్‌కి వ్యూస్ వచ్చాయి సరేనండీ. ఫోనెవరు చేశారు?" బిందు చపాతీ తిప్పుతూ అడిగింది.

"చేస్తారు. ఎల్‌ఈడీ స్టేజీ, డ్రోన్ షాట్, పెద్ద కల్యాణమండపం. తాడేపల్లిగూడెం వాళ్ళకి చూపించాల్సింది అదే," అన్నాడు సుకుమార్.

"మన గురించి ఎవరు చెప్పారని వచ్చినవాళ్ళందరినీ అడుగుతూనే ఉన్నాను. ఈ ఏడాది సగం మంది కొల్లేరులో మనం తీసిన దేవి పెళ్ళి పేరే చెప్పారు."

"అన్నయ్యా, ఆ పెళ్ళిలో డ్రోనే ఎగరలేదు. పక్షులున్న చోట ఎగరేయకూడదన్నారు," కంప్యూటర్ ముందు నుంచి శ్రీహర్ష అందుకున్నాడు. ఏలూరులోని వాళ్ళ ఫోటో స్టూడియోకి రీల్స్ కట్ చేసేది అతనే. "ఉన్నదల్లా పడవలూ, గట్టు మీద జనమూ."

"ఆ జనమేరా ఫోన్లు చేస్తున్నది," అంది బిందు అత్తగారు నిర్మల. "ముందు తినండి. మూడు రోజుల్నించీ ఇదే గొడవ."

ఆదివారం పెళ్ళికూతురు లాస్య కుటుంబం గూడెం నుంచి శాంపిల్స్ చూడటానికి వస్తోంది. ఆ ఊళ్ళో వాళ్ళకి చుట్టాలెక్కువ. ఈ ఒక్క పెళ్ళి దొరికితే అక్కడ కాలు నిలదొక్కుకోవచ్చని సుకుమార్ ఆశ. ఇప్పటిదాకా అక్కడ ఒక్క పెళ్ళీ తీయలేదు. చివరికి భార్య పోరు పడలేక, వాళ్ళకి చూపించడానికి దేవి వాళ్ళ ఆల్బమ్ ఒక్కరోజు అడిగి తెద్దామని ఒప్పుకున్నాడు.

మర్నాడు ఇద్దరూ బండి మీద కొల్లేరులో దేవి వాళ్ళ ఊరెళ్ళారు. చేపల చెరువుల మధ్య గట్టు దారి. నీళ్ళ మీద సంచి ముక్కుల గూడబాతులు కదలకుండా కూర్చున్నాయి.

దేవి ఎదురొచ్చి కూర్చోబెట్టింది. ఆల్బమ్ అడిగితే నవ్వింది.

"మా దగ్గరెక్కడిదండీ! పెళ్ళయిన కాణ్ణించీ ఊరి మీదే ఉంది. ఇవాళ చిన్నరాజు బాబాయిగారింట్లో అనుకుంటా."

చిన్నరాజు ఇంట్లో లేదు. నిన్ననే వరహాలమ్మ పట్టుకెళ్ళిందట. దేవి వాళ్ళని అక్కడికి తీసుకెళ్ళింది.

వరహాలమ్మ ఇంటి వసారాలో ఆడవాళ్ళు చాప చుట్టూ ఒత్తుగా కూర్చున్నారు. మధ్యలో ఉతికిన చీర పరిచి, దాని మీద ఆల్బమ్ పెట్టారు. కొత్తగా వచ్చిన ఒకామె గుమ్మం దగ్గర చేతులు కడుక్కుని, పైట చెంగుతో తుడుచుకుని, అప్పుడు కూర్చుంది. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

బిందు గుమ్మంలోనే ఆగిపోయింది. సుకుమార్ చెప్పులు విప్పాడు.

తలంబ్రాల పేజీ వచ్చింది. దేవిని, పెళ్ళికొడుకు దుర్గారాజుని ఎవరూ చూడలేదు. అన్ని కళ్ళూ వెనకున్న వరసల్లో వెతుకుతున్నాయి.

"అదుగో మా పెద్దోడు."

"నా చీర చూడవే, ఎంత బాగా పడిందో!"

తర్వాత పేజీ. పెళ్ళివారి పడవ నుంచి తీసిన పొడవాటి ఫోటో, గట్టు పొడుగునా ఊరి జనం. ఆ జనంలో పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వుతున్న ముసలామె. వరహాలమ్మ ఆ ముఖం దగ్గరికి వేలు తెచ్చి, తాకకుండా ఆపింది.

"నేనిలా నవ్వుతానని నాకు తెలీదయ్యా," అంది సుకుమార్ వైపు చూసి. "డెబ్బై ఏళ్ళొచ్చాయి. ఎవరూ చెప్పలేదు."

సుకుమార్‌కి ఆ ఫోటో తీసిన గుర్తే లేదు. పేజీ నిండలేదని వేసిన ఫోటో అది. తన ఆల్బమ్‌ని ఇంత మెల్లగా తిప్పగలరని అతనికి తెలియదు.

బిందు ముందుకొచ్చి అడిగింది. "మామ్మగారూ, ఈ ఫోటో ఫోన్లో అందరికీ చూపించొచ్చాండీ?"

"చూపించమ్మా. కానీ నన్నొక్కదాన్నే పెట్టకు. వీళ్ళు నన్ను బతకనివ్వరు."

అందరూ గొల్లుమన్నారు.

"ఆదివారానికి ఒక్కసారి ఆల్బమ్ పట్టుకెళ్ళి..." సుకుమార్ మొదలుపెట్టాడు.

నవ్వులాగిపోయాయి. మూల నుంచి ఒకామె అంది: "మా ఇంటికింకా రాలేదండీ. మా తర్వాత ఇంకో వీధి ఉంది."

అతను మళ్ళీ అడగలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ భోజనాలకి కూర్చున్నారు. శ్రీహర్ష కొత్త రీల్ చూపించబోతే సుకుమార్ చేత్తో ఆగమన్నాడు.

"లాస్య వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేశాను," అన్నాడు మెల్లగా. "ఆదివారం షాపుకి రావద్దన్నాను. కొల్లేరు తీసుకెళ్తాను, ఆల్బమ్ అక్కడే చూడండి అన్నాను. ఇకమీదట ఎవరడిగినా అంతే. మనం పెళ్ళి తీసినవాళ్ళు సరేనంటే, ఆల్బమ్ వాళ్ళింట్లోనే చూపిద్దాం."

"వస్తామన్నారా?" నిర్మల అడిగింది.

"ఆలోచించుకుని చెప్తామన్నారమ్మా."

"రాకపోతే?"

"రాకపోతే గూడెం పెళ్ళి పోతుంది," అని సుకుమార్ అన్నం కలుపుకున్నాడు.