నాలుగో ఫుట్‌నోట్ బాణం

అంతా నిజమే రాశానని ముందుమాటలో ఒట్టేసిన మదన్‌మోహన్ ఆత్మకథ జహీరాబాద్ డీటీపీ షాపులో ఈ-బుక్ అవుతోంది. ఆపరేటర్ మహబూబున్నీసా లింకులన్నీ నొక్కి చూసింది. విషయసూచిక నుంచి అధ్యాయాలన్నీ సరిగ్గా తెరుచుకున్నాయి. నాలుగో ఫుట్‌నోట్ పక్కనున్న బాణం మాత్రం నొక్కితే కథలో ఆ నోటున్న చోటికి తిరిగి పోవడం లేదు.

"సార్, ఆ నోటు అంకె ఉన్న వాక్యమే మీరు తీసేసిన్రు. బాణం యాడికి పోతది?"

"ఫికర్ లేదు. నోటు గూడ తీసెయ్యమ్మా," అన్నాడు ఎదురుగా కూర్చున్న మదన్‌మోహన్.

పక్కనే కూర్చున్న ఆయన భార్య నర్సమ్మ, "ఏమున్నదో జర సదువు బిడ్డా" అంది.

"బావికి పైసలు నా భార్య కడియాలమ్మితే వచ్చినవే," అని చదివింది మహబూబున్నీసా.

కథలో ఇప్పుడా బావిని ఆయన తన చెమటతోనే తవ్వించినట్టుంది. మదన్‌మోహన్ ఫ్యాన్ వైపు చూశాడు.

"కథల తీసేసిన గా వాక్యం మల్ల పెట్టు," అంది నర్సమ్మ.

పెట్టి, అంకెకు లింకు కలిపి, మహబూబున్నీసా బాణం నొక్కింది. అది సూటిగా బావి దగ్గరికి పోయింది.