బుధవారం మోగే రెండు ఫోన్లు

ప్రతి బుధవారం మధ్యాహ్నం కుట్టు మిషన్ పక్కన నా ఫోన్ టింగుమంటుంది. ఆ వెంటనే సొరుగులోంచి అక్క ఫోన్ కూడా టింగుమంటుంది. శనివారం క్యారమ్స్‌కి గ్రూపులో పిలుపు. వస్తాను, రాలేను, రావచ్చు. మూడింట్లో ఒకటి నొక్కాలి.

అక్క పోయి ఏడాది కావస్తోంది. ఆమె ఫోన్ ఇంకా చార్జింగ్ పెడుతున్నావేమని ఎవరైనా అడిగితే, బ్యాంకు మెసేజీలు వస్తాయంటాను. అబద్ధం. ఆ ఖాతా ఎప్పుడో మూసేశాను.

అక్కా నేనూ జోడీ. జోడీ అంటే బోర్డుకి అటొకరు, ఇటొకరు కూర్చోవాలి. లైబ్రరీ మేడమీది గదిలో ఆమె ఎర్ర కాయకి గురి చూస్తూ నాలుక బయటపెట్టేది. నేను నవ్వితే గురి తప్పేది, తప్పు నాదని రుసరుసలాడేది. ఆ కుర్చీలో ఇంకొకరిని చూస్తూ ఆడడం నావల్ల కాదు. అలాగని గ్రూపులోంచి పోతే అక్కని ఎరిగినవాళ్ళు నాకింకెవరు మిగులుతారు? షాపుకొచ్చేవాళ్ళకి నేను ప్యాంట్లు కురచ చేసే మనిషిని, అంతే.

అందుకని ప్రతివారం ‘రావచ్చు’ నొక్కేదాన్ని. మర్యాదగా ఉంటుందనుకున్నాను. గ్రూపు నడిపే డ్రైవర్ బాబాయ్ ఒకరోజు ప్యాంటు పట్టుకుని షాపుకొచ్చాడు. బస్సు తోలడం మానేసి చాలాకాలమైనా ఆ పేరు మాత్రం దిగలేదు.

“ఒక మాట చెప్తా, ఏమనుకోకమ్మాయ్. నువ్వు రావచ్చు అని పెడతావా, మన గ్రూపులో టీచరమ్మ నీకోసం జోడీ కట్టకుండా కూర్చుంటోంది. మొన్న ఒక్క ఆటైనా ఆడకుండా ఇంటికెళ్ళిపోయింది.”

“పనెక్కువగా ఉంది బాబాయ్,” అన్నాను, టేపు మెడలోంచి తీసి మళ్ళీ వేసుకుంటూ.

ఆయన వెళ్ళగానే గ్రూపు చప్పుడు ఆపేశాను. ఇలా ఆపిన సంగతి ఎవరికీ తెలియదు, ఎవరి మనసూ నొచ్చుకోదు. ఆ బుధవారం నా ఫోన్ నోరెత్తలేదు, నేనూ ఏదీ నొక్కలేదు. సొరుగులోది మాత్రం మోగింది. అప్పుడు తెలిసొచ్చింది. నా చెవులు మూసుకున్నాను గాని, టీచరమ్మకి ఏమీ చెప్పలేదు. ఆవిడ ఈ శనివారం కూడా మెట్లవైపు చూస్తూ కూర్చుంటుంది.

గ్రూపులో రాస్తే అందరూ ఓదార్చడం మొదలెడతారు. బాబాయ్‌కి విడిగా రాశాను. మొదట రాసింది చాంతాడంత ఉంది, నిండా సాకులే. అది చెరిపేసి మళ్ళీ రాశాను:

“బాబాయ్, శనివారాలకి నన్ను లెక్కలో వేసుకోకండి. ఎదురుగా అక్క లేకుండా ఆడలేకపోతున్నాను. టీచరమ్మకి వేరే జోడీ చూడండి. ఎవరిమీదా కోపం లేదు. గ్రూపులోనే ఉంటాను, చప్పుడు మాత్రం ఆపుకున్నాను. నాతో పనుంటే విడిగా రాయండి. ఆడాలనిపిస్తే నేనే చెప్తాను.”

ఆయన వెంటనే ఫోన్ చేశాడు.

“చెప్పేశావు, చాలమ్మా. రాలేనంటే కోప్పడతామా? ఇంకోటి… అక్క నంబరు ఇంకా గ్రూపులోనే ఉంది.”

“అడ్మిన్ మీరేగా. తీసెయ్యకపోయారా?”

“ఎన్నిసార్లు తీసేద్దామని వేలు పెట్టానో! ఆవిణ్ణి బయటికి గెంటినట్టుంటుంది. నువ్వేమనుకుంటావో అని కూడా.”

నవ్వొచ్చింది. ఆయనేమనుకుంటాడోనని నేను, నేనేమనుకుంటానోనని ఆయన. ఏడాదిపాటు అక్కకి క్యారమ్స్ పిలుపులు పంపాం, ఇద్దరమూ కలిసి.

“నేనే చేస్తాను బాబాయ్. గ్రూపంతటికీ తెలిసిపోతుందా?”

“లేదులే, వెళ్ళినట్టు అడ్మిన్‌కి మాత్రమే చూపిస్తుంది.”

సొరుగు తెరిచాను. అక్క ఫోన్‌లో గ్రూపు తెరిచి ఏడాది వెనక్కి జరిపితే ఆమె ఆఖరి జవాబు కనిపించింది, వస్తాను అని. పక్కన నాది కూడా. కిందికి జరిపి, గ్రూపు వదిలివెళ్ళు అన్నచోట నొక్కాను. నిజంగానా అని అడిగింది. ఫోన్‌కి ఏం తెలుసు! మళ్ళీ నొక్కాను.

కాసేపటికి నా ఫోన్‌కి బాబాయ్ మెసేజీ వచ్చింది. “అక్క వెళ్ళింది. చూశాను.”

అక్క పోయిన రోజు కూడా నేనంత ఏడవలేదు. ఒకామె జాకెట్టు ఇవ్వడానికొచ్చి, గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయింది.

తర్వాతి బుధవారం మధ్యాహ్నం నా ఫోన్ మోగలేదు. సొరుగూ మోగలేదు. నేను కోరినట్టే జరిగింది. మిషన్ ఆపి చాలాసేపు విన్నాను.

సాయంత్రం షాపు మూసేముందు అక్క ఫోన్ చార్జింగ్‌కి పెట్టాను. ఎందుకని ఎవరైనా అడిగితే ఆ బ్యాంకు అబద్ధం ఇక నోటికి రాదు, వేరే అబద్ధం కూడా దొరకదు.