ఓపిక లేని రోజుల ఫొటోలు

ఏడాదిపాటు రోజుకో ఫొటో తీస్తానని పంతం పట్టాను. నెలకో అంశం: తలుపులు, నీడలు, చేతులు. నాలుగో నెలకే విసుగెత్తింది.

"మానెయ్యకు. ఓపిక లేనిరోజు కుర్చీలో ఉన్న నన్ను తీసెయ్," అన్నారు మా ఆయన. పెద్ద అందగాడు మరి!

ఏడాది నిండాక ప్రింట్లన్నీ అంశాలవారీగా నేలమీద పరిచాను. ఆయనవి నలభై ఒకటి తేలాయి. అదే కుర్చీ, అదే నీలం చొక్కా. వాటిని తేదీల వరుసలో పేర్చి చూశాను. మొదటి ఫొటోలో మెడకు బిగుసుకున్న కాలరు, చివరిదాంట్లో వేలాడుతోంది.

"ఏమండీ, ఇంతలా చిక్కిపోయారేంటి?"

"చొక్కా సాగిందిలే."

నలభై ఒక్కసార్లు ఆయన ఎదురుగా నిలబడి, వెలుతురు సరిపోయిందా అని మాత్రమే చూశాను.