వంద కాదు, నూట పద్దెనిమిది

మేడ్చల్‌లో ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చే చిన్న ఆఫీసులో సుస్మిత నాలుగేళ్లుగా బిల్లులూ ఫిర్యాదులూ చూస్తోంది. ఆ ఉదయం ఓనరు రాఘవేందర్ వాట్సాప్‌లో ఒక నోటీసు పంపి, తప్పులు దిద్ది చందాదారులందరికీ పంపమన్నాడు.

"వచ్చే నెల నుంచి నెలవారీ ప్లాన్ ధర స్వల్పంగా, వంద రూపాయలు పెరుగుతుంది."

సుస్మితకు అందులో అక్షర దోషం కనిపించలేదు. అనుమానం మాత్రం కలిగింది. పాత ప్లాన్ ఐదువందలు, పన్నుతో ఐదువందల తొంభై. కొత్తది ఆరువందలు, పన్నుతో ఏడువందల ఎనిమిది. జనం కట్టేది నూట పద్దెనిమిది ఎక్కువ. రీఛార్జి తేదీ ఒక్కొక్కరికి ఒక్కోటి. మరి వచ్చే నెలలో ఏ రోజు నుంచి? ఇన్నేళ్లుగా ఈ వ్యాపారం చేస్తున్న రాఘవేందర్‌కు ఇది తెలియదా?

ఆఫీసు ఊడుస్తున్న సిద్దమ్మకు గౌడవెల్లిలోని ఇంట్లో వీళ్ల కనెక్షనే ఉంది. సుస్మిత నోటీసు చదివి వినిపించింది.

"అంటే ఆర్నూట తొంభయా? నాది ఇరవై తారీఖు గదా బిడ్డా, ఒకటో తారీఖుకే కట్టాల్నా?" అంది సిద్దమ్మ.

సుస్మిత ఫోను పట్టుకుని రాఘవేందర్ కూర్చున్న లోపలి గదిలోకి వెళ్లింది.

"అన్నా, గిట్ల పంపితే ఎవ్వరికీ అర్థం గాదు. తారీఖు, మొత్తం రాయాలె."

రాఘవేందర్ కళ్లు చిన్నవి చేశాడు. "నీకెందుకంత పట్టింపు? కొంపల్లిల కొత్త నెట్ కంపెనీ వాళ్లేమన్న ఉద్యోగమిస్తమని ఫోన్ జేసిన్రా నీకు?"

ఆ మాట ఆమెకు సూదిలా గుచ్చుకుంది. "చేస్తే ఈ కుర్చీల ఉందునా అన్నా? నువ్వే ఏదో దాస్తున్నవ్."

అతను తల దించుకున్నాడు. "తారీఖు చెప్తే అందరూ ముందే పాత ధరకు ఆర్నెల్లు, ఏడాది రీఛార్జి చేసుకుంటరు. పై కంపెనీకి నేను కట్టే బ్యాండ్‌విడ్త్ కిరాయి ఈ నెలనే పెరిగింది. మస్తు పరేషాన్‌ల ఉన్న."

"ముందస్తు రీఛార్జి మూడు నెలలకే అని రాద్దాం. దాచి పంపితే మాత్రం అందరూ మనల్ని దొంగలంటరు."

అతను తలూపాక ఆమే కొత్తగా రాసింది: "నవంబర్ 1 నుంచి చేసే ప్రతి రీఛార్జికీ నెలకు రూ. 708, పన్నుతో కలిపి. ఇప్పుడు కడుతున్నది రూ. 590. అక్టోబర్ 31 లోపు చేసిన రీఛార్జికి, దాని గడువు తీరేవరకు పాత ధరే. ముందస్తు రీఛార్జి గరిష్ఠంగా మూడు నెలలకు."

సిద్దమ్మకు మళ్లీ చదివింది. "నాది అక్టోబర్ ఇరవైకి పాతదే. నవంబర్ ఇరవైకి ఏడువందల ఎనిమిది," అందామె తడుముకోకుండా.

నోటీసు వెళ్లిన పది నిమిషాలకే కొంపల్లి విల్లాల నుంచి చందాదారు రాజారావు ఫోను. "అమ్మా, ఇది బాగానే అర్థమైంది. కింద చిన్నక్షరాల్లో ఇంకేమైనా ఉందా?"

"లేదండీ, ఇంతే."

"ఇంతే అనేవాళ్లనే నేను నమ్మనమ్మా," అన్నాడాయన. అయినా ఆ సాయంత్రమే మూడు నెలలకు రీఛార్జి చేశాడు.

ఆ నెలాఖరుకు పదకొండు మంది కనెక్షన్ మానేశారు. రాఘవేందర్ వాళ్ల జాబితా రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. తనను తప్పుబడుతున్నాడా లేదా అని సుస్మిత అతని ముఖం చదవడానికి ప్రయత్నిస్తూనే ఉంది.