గ్లిజరిన్ చుక్క

పూర్ణచంద్రరావుకు ఉద్యోగం ఉన్నట్టే ఉండి, లేదు. తెనాలిలో ఒక ప్రైవేటు కాలేజీలో, వృక్షశాస్త్ర విభాగంలో, రెండేళ్ళుగా తాత్కాలిక ట్యూటరు. డెబ్బైమూడు ఫిబ్రవరిలో బాపట్ల నుంచి తనిఖీ అధికారిణి దుర్గాంబగారు వస్తున్నారని తెలిసిన రోజున ప్రిన్సిపాల్ పిలిచి సూటిగా చెప్పాడు. ఆవిడ ముందు అతను ఒక ప్రయోగం చేసి చూపించాలి. రిపోర్టు బాగుంటే పోస్టు ఖాయం, లేకపోతే జూన్ నుంచి సెలవే సెలవు. రిపోర్టు కింద విభాగం హెడ్ సంతకం కూడా ఉండాలి.

చిక్కంతా ఆ సంతకంలోనే ఉంది.

హెడ్ శివరామయ్యగారు రోజూ రేపల్లె పాసింజరులో వచ్చేవారు. ఆకుల మీద ఉండే సన్నని రంధ్రాలు ఎలా తెరుచుకుంటాయో ఆయన ఇరవై అయిదేళ్ళుగా ఒకే రకంగా చెబుతున్నారు. వెలుగు పడగానే రంధ్రానికి అటూ ఇటూ ఉన్న రెండు రక్షక కణాల్లో పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, చక్కెర నీళ్ళు లాగుతుంది, కణాలు ఉబ్బుతాయి, రంధ్రం తెరుచుకుంటుంది. ఆయన నోట్సు కాగితాలు పసుపురంగు దాటి బెల్లంరంగుకు వచ్చాయి గాని పాఠం మాత్రం మారలేదు.

పూర్ణచంద్రరావు బాపట్లలో ఒక లైబ్రరీకి పోయి, కొత్త పత్రికల్లో వేరే సంగతి చదివాడు. రంధ్రం తెరుచుకునేటప్పుడు రక్షక కణాల్లోకి చుట్టుపక్కల కణాల నుంచి పొటాషియం పెద్దయెత్తున చేరుతుందట. ఆ మేరకు నీళ్ళను లాగడానికి చక్కెర ఒక్కటే చాలదట. ఇది చదివాక అతని తలలో ఒక కోర్టు వెలిసింది. స్టేషను నుంచి కాలేజీకి నడిచే దారిలో రోజూ అక్కడ కేసు నడిచేది, శివరామయ్యగారు రోజూ ఓడిపోయేవారు. తీరా ఆయన ఎదురుపడి "ఏమయ్యా, టిఫినైందా?" అంటే, "అయిందండి" అని ఇతను పక్కకు తప్పుకునేవాడు. ఓడిపోయిన మనిషికి తాను ఓడినట్టు తెలియకపోవడం ఎంత సుఖమో అని అతను ఆయన్ని చూసి ఈర్ష్యపడేవాడు.

తనిఖీ రోజున పొద్దున్నే కాలవగట్టు మీద నీలిపూల కలుపుమొక్క ఆకులు కోసుకొచ్చాడు. ఆకు అడుగుపొర గుడ్డపేలికలా తేలిగ్గా ఊడివస్తుంది. కొన్ని పొరలు పలచని పొటాషియం క్లోరైడు నీళ్ళలో, కొన్ని డిస్టిల్డు వాటరులో తేలేసి, రెండు గిన్నెల మీదా ఒకే దీపం వెలిగించాడు. వెలుగు సమానమే కాబట్టి, మొదటి గిన్నెలోవే తెరుచుకుంటే పిండి సిద్ధాంతం అక్కడితో చాలదని తేలుతుంది.

మూడు గంటల తరవాత ఒక పొర తీసి చూశాడు. పొటాషియం గిన్నెలో రంధ్రాలు బాగా తెరుచుకున్నాయి. రెండో గిన్నెలో కళ్ళు మూసుకున్నట్టున్నాయి. ఆ సంతోషంలో అటెండరు బుడే సాహెబ్‌తో, "రెండింటి నుంచీ స్లైడ్లు పెట్టి ఉంచు భాయ్, నేను మేడమ్‌ని తీసుకొస్తా" అని స్టేషనుకు పరిగెత్తాడు.

దుర్గాంబగారు సన్నగా, చేతిసంచితో, ఎవరినీ మెచ్చుకోవడానికి రాలేదన్నట్టు వచ్చారు. మైక్రోస్కోపు మీదికి వంగి మొదటి స్లైడు చూశారు, రెండోది చూశారు.

"ఏంటండీ ఇది? రెండూ మూసుకునే ఉన్నాయి."

శివరామయ్యగారు కుర్చీలో సర్దుకున్నారు. "నేను చెప్పానమ్మా. కుర్రవాళ్ళు పత్రికలు చదువుతారు. మొక్కలు చదవవు కదా!"

 పూర్ణచంద్రరావుకు జూన్ నెల ఒక్కసారిగా గదిలోకి వచ్చి నిలబడ్డట్టయింది. వంగి చూశాడు. రంధ్రాలు మూసుకున్నాయి, నిజమే. కాని రక్షక కణాల లోపలి పదార్థం గోడను వదిలి మధ్యకు ముడుచుకుపోయి ఉంది. డిస్టిల్డు వాటరు గిన్నె పొరలోనూ అంతే. నీళ్ళను ఎవరో పీల్చేశారు.

"భాయ్, దీనిమీద ఏం వేశావు?"

"ఏం వేస్తానండి, గ్లిజరినే వేశా." బుడే సాహెబ్ ఛాతీ విరిచాడు. "స్లైడు ఎండిపోకుండా. ఇరవయ్యేళ్ళనుంచి ఈ డిపార్ట్‌మెంటులో గ్లిజరిన్ లేకుండా ఒక్క స్లైడు బయటికి రాలేదండి. పెద్దసారు నేర్పిందే."

"నీకు ప్రతిదానికీ గ్లిజరినేనా?" అన్నారు శివరామయ్యగారు. "మెమో ఇస్తా!"

అదీ అతనికి దొరికిన తేలిక దారి. తప్పు బుడే సాహెబ్‌దని ఊరుకుంటే సరిపోతుంది. పైగా హెడ్‌కి కోపం రాదు. కాని మొట్టమొదటిసారి తలలోని కోర్టు తలుపు బయటికి తెరుచుకుంది.

"మెమో ఎందుకండి? ఆయన సగం ప్రయోగం చేసిపెట్టారు."

పొటాషియం గిన్నెలో ఇంకా తేలుతున్న పొర ఒకటి తీసి, ఆ ఉప్పునీళ్ళతోనే స్లైడు మీద పరిచి, మేడమ్‌ని చూడమన్నాడు.

"ఇప్పుడు తెరిచే ఉన్నాయి," అన్నారావిడ.

"అలాగే చూస్తూండండి." పొర మీద కప్పిన పలచని గాజుపలకకు ఒక అంచున గ్లిజరిన్ చుక్క పెట్టి, రెండో అంచున అద్దుడుకాగితం ఆనించాడు. చుక్క కిందకి పాకింది.

ఆవిడ మైక్రోస్కోపు మర సవరించుకున్నారు. తరవాత, "దగ్గరికొస్తున్నాయి... వచ్చేశాయి. రంధ్రం మూసుకుంది," అన్నారు.

"మరి పొటాషియం ఎక్కడికి పోయిందయ్యా?" శివరామయ్యగారు అడ్డొచ్చారు. "ఇంకా లోపలే ఉందంటావుగా! ఉండగా ఎట్లా మూసుకుంది?"

మంచి ప్రశ్న. మంచి ప్రశ్న వేసినందుకు ఆయన మీద ప్రేమ పుట్టుకొచ్చి పూర్ణచంద్రరావు కంగారుపడ్డాడు.

"ఉంది సార్. తెరిచేది పొటాషియం కాదండి, నీళ్ళు. పొటాషియం లోపల చేరి చిక్కబడితే బయటి నీళ్ళు లోపలికొస్తాయి. కణం లోపల ఒత్తిడి పెరుగుతుంది. రంధ్రం వైపు గోడ మందం, బయటి గోడ పలచన. అందుకని ఉబ్బితే కణం వంగి, మధ్యలో సందు పడుతుంది. మామూలుగా చీకటిపడితే పొటాషియం బయటికి పోతుంది, వెనకే నీళ్ళూ పోతాయి, కణం సడలి రంధ్రం మూసుకుంటుంది. గ్లిజరిన్ లోపలి పొటాషియం కన్నా చాలా చిక్కన. అందుకే పొటాషియాన్ని అక్కడే ఉంచి నీళ్ళని లాగేసింది."

"మరి నా చక్కెర?"

"చక్కెరకి కూడా పని ఉండొచ్చండి. ఒక్కదానివల్లే కాదంటున్నా."

దుర్గాంబగారు రిపోర్టు కాగితం తీశారు. "ఈ గ్లిజరిన్ ఆలోచన ఎవరిది?"

"విభాగానిది," అన్నారు శివరామయ్యగారు చటుక్కున.

"బుడే సాహెబ్‌దండి," అన్నాడు పూర్ణచంద్రరావు. "పొరపాటున."

 ఆవిడ ఒక్కసారి తలెత్తి చూసి, "పొరపాటు పేరూ రాస్తాను," అని గబగబా రాసి, కాగితం హెడ్ వైపు జరిపారు.

శివరామయ్యగారు అప్పటికే మైక్రోస్కోపు దగ్గర ఉన్నారు. ఇరవై అయిదేళ్ళ పాఠంలో ఆయన ఒక్కసారైనా రంధ్రం కదలడం చూసి ఉండరని పూర్ణచంద్రరావుకు అప్పుడు తట్టింది. ఆయన ఒక కన్ను మూసుకుని, రెండోదాన్ని అద్దానికి ఆనించి ఉన్నారు.

"ఏమయ్యా. గ్లిజరిన్ తీసేసి మళ్ళీ ఆ ఉప్పునీళ్ళు పోస్తే తెరుచుకుంటుందా?"

"కణాలు బతికుంటే తెరుచుకోవాలి సార్. పొయ్యమంటారా?"

"పొయ్యి, పొయ్యి. నన్ను ఇక్కణ్ణుంచి లేపకు."

ఆయన కన్ను అద్దం మీదనుంచి తీయకుండానే కుడిచెయ్యి పక్కకు చాచారు. "అమ్మా, ఆ కాగితం ఇటివ్వండి, ఎక్కడ సంతకం?"

బుడే సాహెబ్ ఆ చేతిలో పెన్ను పెట్టి, వేలు పట్టి సరైన గీత మీదికి జరిపాడు.